రెండో తరగతికి స్ట్రెచింగ్, మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు: మొదటిసారి బెడిసికొట్టింది, ప్లాన్ సరిచేసి పెట్టండి

రెండోతరగతి టీచర్
అందరికీ నమస్కారం. నా క్లాసులో 28 మంది, ఏడెనిమిదేళ్ల పిల్లలు. వారానికి ఒక పీరియడ్, 30 నిమిషాలు, ఒళ్లు సాగదీసే తేలికపాటి ఆసనాలకీ మనసు కుదుటపరిచే అభ్యాసానికీ ఇచ్చారు. నేను యోగా టీచర్ని కాదు. నాకు వచ్చిందల్లా ఒక వారం శిక్షణలో నేర్చుకున్నదే.

మొన్న మొదటి క్లాసు జరిగింది. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. ముందు అందరినీ కూర్చోబెట్టి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నాను. అర నిమిషంలో ఒకడు నవ్వాడు, ఒక నిమిషానికి 28 మందీ నవ్వారు. తర్వాత వృక్షాసనం. ఎవరు ఎక్కువసేపు నిలబడతారో అని వాళ్లలో వాళ్లే పందెం వేసుకుని, ఒకళ్లనొకళ్లు తోసుకుని ఇద్దరు పడ్డారు. భుజంగాసనంలో ఒక బాబు తలని పూర్తిగా వెనక్కి వాల్చేసి, నడుము నొప్పి అన్నాడు. చివర్లో శవాసనం. లైట్లు ఆపి కళ్లు మూసుకోమన్నాను. ఒక పాప ఏడ్చింది. ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాతి పీరియడ్ లెక్కలు. రోజూ కంటే ఎక్కువ గోల.

రెండోసారికి నాకు మూడు కావాలి. ఏ వరుసలో చేయించాలి, ఏ ఆసనాలు భయం లేకుండా చేయించొచ్చు, పిల్లలు ఉడికిపోయినప్పుడు వాడుకునే ఒక చిన్న పద్ధతి ఎలా నేర్పాలి.

విజిల్ సార్
టీచర్ గారూ, మీ క్లాసులో తప్పు పిల్లలది కాదు, వరుసది. నేను 19 ఏళ్లుగా పీఈటీని. మీరు చేసిన పొరపాటు నేనూ చాలా ఏళ్లు చేశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

కదలకుండా కూర్చోవడం క్లాసు చివర్లో రావలసిన ఫలితం. దాన్ని మీరు మొదట్లో అడిగారు. అప్పటిదాకా బెంచీల మీద కూర్చుని వచ్చిన పిల్లల ఒంట్లో కదలిక నిండా పేరుకుని ఉంటుంది. అది ఖర్చు కాకుండా కూర్చోమంటే నవ్వుగానో, తోపులాటగానో బయటికొస్తుంది. అందుకని ఎత్తు నుంచి కిందికి దిగండి. ముందు నిలబడి చేసేవి, తర్వాత చేతులూ మోకాళ్ల మీద, తర్వాత కూర్చుని, ఆఖర్న పడుకుని. ఒకసారి కిందికి వచ్చాక మళ్లీ పైకి లేపకండి. మీరు శవాసనానికి ముందు ఏం చేయించారో రాయలేదు గానీ, గెంతడమో లేవడమో ఏదో చేయించి ఉంటారని నా అనుమానం.

పిల్లలతో పాటు మీ గొంతు కూడా దిగాలి. నిలబడినప్పుడు మామూలు గొంతు, నేల మీదికి వచ్చాక సగం, పడుకున్నాక పక్కవాళ్లతో మాట్లాడినంత. నేను విజిల్ మెడలో వేసుకునే ఈ క్లాసుకి వెళ్లేవాణ్ణి. దాన్ని చూస్తేనే పిల్లలు పరుగెత్తడానికి సిద్ధమైపోతారని తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు తీసి జేబులో పెడతాను.

30 నిమిషాలని నేనైతే ఇలా వాడతాను. చాపలు పరిచి చోటు చూసుకోవడానికి 3 నిమిషాలు. చేతులూ కాళ్లూ విదిలించడం, ఉన్నచోటే నడవడం, 'ఆగు' అనగానే బొమ్మలా ఆగడం, ఇదంతా 5. ఆసనాలు 10. కూర్చుని ఊపిరి 4. పడుకోవడం 3. లేచి సర్దుకోవడం 5. చివరి ఐదు నిమిషాలని ఎవరూ ప్లాన్‌లో రాసుకోరు. మీ లెక్కల పీరియడ్ గోలకి సగం కారణం అదే అయి ఉంటుంది. పడుకున్న పిల్లాణ్ణి ఒక్కసారిగా 'లేవండి, పుస్తకాలు తియ్యండి' అంటే అప్పటిదాకా వచ్చిన నెమ్మది ఎగిరిపోతుంది.

ప్రాణాయామి
నా అనుభవం చెప్తాను. పిల్లలకి ఆసనాలకంటే ఊపిరే ముఖ్యం. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, నాలుగు ఆపి, ఎనిమిది లెక్కపెడుతూ వదలమనండి. ముందు ఒక నిమిషం భస్త్రిక చేయించండి, మెదడుకి ఆక్సిజన్ బాగా అందుతుంది, ఏకాగ్రత వస్తుంది. నేను రోజూ చేస్తాను, 61 ఏళ్లు, బీపీ లేదు.

కీళ్లూ కండరాలూ
నేను పిల్లల ఫిజియోథెరపిస్ట్‌ని. ప్రాణాయామి గారి మాటల్లో ఒకటి ఖాయంగా నిజం. వదిలే ఊపిరి పీల్చేదాని కంటే పొడుగ్గా ఉండాలి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొంచెం నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు కొంచెం వేగం పెరుగుతుంది. పిల్లల్లో ఈ తేడా పెద్దవాళ్ల కంటే స్పష్టంగా ఉంటుంది. కాబట్టి ఆ దారి సరైనదే.

మిగతాది మీకు సరిపోతుందేమో గానీ ఏడేళ్ల పిల్లలకి సరిపోదు. ఆ వయసు పిల్లలు ఊరికే కూర్చున్నప్పుడే నిమిషానికి దాదాపు 20 సార్లు ఊపిరి తీస్తారు. అంటే ఒక ఊపిరికి మూడు సెకన్లు. మీ లెక్క ప్రకారం ఒక్క ఊపిరి 16 సెకన్లు. వాళ్లు అంతసేపు పట్టలేరు, మధ్యలో దొంగతనంగా పీలుస్తారు, తర్వాత ఒగురుస్తారు. రెండు లెక్కపెడుతూ పీల్చి మూడు లెక్కపెడుతూ వదలడం చాలు. ఆపడం అసలు వద్దు.

భస్త్రిక లాంటి వేగంగా ఊదే ఊపిరి అస్సలు వద్దు. దానివల్ల మెదడుకి ఆక్సిజన్ పెరగదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి. తల తిరగడం, వేళ్లు చిమచిమలాడటం అందుకే. ఇంకో మాట. పిల్లలు ఒక్క క్షణం పరధ్యానంగా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం మూర్ఛ ఒకటి ఉంది. మెదడు పనితీరు చూసే ఈఈజీ పరీక్ష తీసేటప్పుడు దాన్ని బయటపెట్టడానికి కావాలనే మూడు నిమిషాలు వేగంగా ఊదిస్తారు. ల్యాబ్‌లో పరీక్ష కోసం చేయించే పనిని క్లాసులో ఏకాగ్రత కోసం చేయించొద్దు.

ప్రాణాయామి
మూర్ఛ సంగతి నాకు తెలియదమ్మా. భస్త్రిక మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆపడం మాత్రం రెండు లెక్కల వరకు తప్పు లేదనే నా అభిప్రాయం.

నిద్రలేనమ్మ
మా వాడికి ఆరేళ్లు. రాత్రి పదిన్నరైనా నిద్రపోడు. ఈ ఊపిరి చేయిస్తే ఇంకా హుషారు వస్తోంది, మంచం మీద గెంతుతున్నాడు. ఏ ఆసనం వేస్తే పడుకుంటాడు? దయచేసి ఎవరైనా చెప్పండి.

విజిల్ సార్
అమ్మా, ఇక్కడ క్లాసు సంగతి నడుస్తోంది. అయినా మీరన్నదాంట్లో మాకు పనికొచ్చేది ఒకటుంది. ఊపిరి లెక్కపెట్టమంటే కొందరు పిల్లలకి అది ఆటలా మారి హుషారు పెరుగుతుంది. లెక్క మానేసి, వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద ఒక చిన్న మెత్తటి బొమ్మ పెట్టండి. 'బొమ్మని జోకొట్టు, కింద పడకూడదు' అనండి. అంతకంటే ఏం చెప్పొద్దు. బొమ్మ పైకి లేచి కిందికి దిగుతుంటే వాడు దాన్నే చూస్తాడు, ఊపిరి దానంతటదే పొట్టలోకి దిగుతుంది. నిద్ర పట్టకపోవడానికి ఇంకేదైనా కారణం ఉంటే అది డాక్టర్ చూడాల్సిందే, ఆసనంతో పోయేది కాదు.

నాలుగో బెంచీ
నేనూ ప్రైమరీ టీచర్నే. ఒక ప్రశ్న. ఇదంతా నిజంగా పనిచేస్తుందని ఎవరు చెప్పారు? బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద పెద్ద ట్రయల్ చేశారు, పేరు మిరియడ్. 80కి పైగా స్కూళ్లు, 8,000 మందికి పైగా పిల్లలు. 2022లో ఫలితాలొచ్చాయి. మామూలుగా స్కూళ్లలో చెప్పే పాఠాల కంటే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏమీ మెరుగుపరచలేదని తేలింది. సిలబస్ పూర్తి కాక నేను ఏడుస్తుంటే దీనికో పీరియడ్.

కీళ్లూ కండరాలూ
ఆ ట్రయల్ సంగతి నిజమే. ఆ పిల్లలు పెద్దవాళ్లు. పైగా చాలామంది ఇంట్లో అభ్యాసం చేయలేదని కూడా అందులోనే ఉంది. దాన్ని బట్టి ఏడేళ్ల పిల్లల గురించి ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం. నేనైతే 'దీంతో పిల్లల ఆందోళన పోతుంది' అని ఏ తల్లిదండ్రులకీ మాటివ్వను. 'అరగంట ఒళ్లు కదిలిస్తారు, కాసేపు కుదురుగా ఉండటం నేర్చుకుంటారు' అంటాను. టీచర్ గారు కూడా అంతవరకే చెప్తే మంచిది.

నాలుగో బెంచీ
అంతవరకైతే నాకు గొడవ లేదు. కానీ పైవాళ్లు చెప్పేది అంతవరకు ఉండదుగా.

రెండోతరగతి టీచర్
విజిల్ సార్, మీ అనుమానం నిజమే. శవాసనానికి ముందు కప్ప గెంతులు వేయించాను! ఇప్పుడు ఆసనాల సంగతి చెప్పండి. పది నిమిషాల్లో ఎన్ని పడతాయి? నా శిక్షణ పుస్తకంలో 22 ఉన్నాయి.

విజిల్ సార్
ఐదు చాలండి. ఆ ఐదే నాలుగైదు వారాలు చేయించండి. కొత్త ఆసనం వచ్చిన ప్రతిసారీ పిల్లల ధ్యాసంతా 'కాలు ఎక్కడ పెట్టాలి' అన్నదాని మీదే ఉంటుంది. అలవాటైన ఆసనంలోనే ఒంట్లో ఏం తెలుస్తోందో గమనించడానికి వీలవుతుంది.

మొదటిది తాడాసనం. చేతులు పైకి, మడమలు నేల మీదే. మునివేళ్ల మీద లేపితే ఊగుతారు, ఊగితే నవ్వుతారు.

రెండోది మీరు తిప్పలు పడ్డ చెట్టు. పాదాన్ని తొడ దాకా ఎత్తనక్కర్లేదు. మడమని రెండో కాలి చీలమండకి ఆనించి, బొటనవేలు నేల మీదే ఉంచితే చాలు. మోకాలికి మాత్రం ఎప్పుడూ ఆనించకూడదు, అది పక్కనుంచి నొక్కితే ఓర్చుకునే కీలు కాదు. పందెం ఆగాలంటే 'ఎంతసేపు' అనే మాటే తీసేయండి. 'గాలి వచ్చింది, చెట్టు ఊగుతోంది, కాలు దించి మళ్లీ పెట్టుకో' అనండి. ఊగడం ఆసనంలో భాగమైపోతే ఓడిపోవడం అంటూ ఉండదు. రెండు చాపల మధ్య పిల్లలు చేతులు చాపినా తగలనంత ఎడం ఉండాలి. 28 మందికి గదిలో అంత చోటు లేకపోతే సగం మంది గోడ పట్టుకుని చేయొచ్చు.

మూడోది పిల్లి. చేతులు భుజాల కింద, మోకాళ్లు తుంటి కింద. వీపు గుండ్రంగా చేయడం, మెల్లగా దించడం, ఐదు సార్లు. తల విసరకూడదు, చూపు తమ చాప చివర దాటి వెళ్లకూడదు.

నాలుగోది భుజంగాసనం బదులు మోచేతులు నేల మీద ఆనించి బోర్లా పడుకోవడం. ఆ బాబు నడుము నొప్పికి కారణం చేతులతో నేలని నెట్టి పైకి లేవడం. మోచేతులు నేల మీద ఉంటే అంత ఎత్తు లేవడానికి కుదరదు. చూపు ఎదురుగా.

ఐదోది బాలాసనం. రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వాటి మీద నుదురు ఆనించమనండి. మెడకి భారం ఉండదు. పిరుదులు మడమలకి తగలకపోయినా ఫర్వాలేదు.

శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం, చక్రాసనం మీ 22లో ఉంటే పెన్నుతో కొట్టేయండి. మొదటి మూడింటిలో మెడ మీద భారం పడుతుంది. చక్రాసనంలో పిల్లలు జారితే నెత్తి మీదే పడతారు. 28 మందిని ఒక్కరు చూసుకునే చోట అవి చేయించకూడదు. ఒక పిల్లాడి వీపు మీద ఇంకొకడు నొక్కే జంట ఆటలూ వద్దు.

కీళ్లూ కండరాలూ
విజిల్ సార్ చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. గట్టిగా ఉన్న పిల్లల గురించి టీచర్లు కంగారుపడతారు. నాకు భయం మరీ వంగిపోయే పిల్లల గురించి. ప్రతి క్లాసులో ఒకరిద్దరుంటారు. పిల్లి ఆసనంలో వాళ్ల మోచేతులు వెనక్కి వంగి, లోపలి వైపు ముందుకు పొడుచుకొస్తాయి. కాళ్లు చాపి ముందుకు వంగమంటే పొట్ట తొడలకి అతుక్కుపోతుంది. అందరూ 'అబ్బ ఎంత బాగా చేసిందో' అంటారు, ఆ పాప ఇంకా లాగుతుంది. అలాంటి పిల్లలకి కండరం సాగదు, కీలు చుట్టూ ఉన్న పట్టు సాగుతుంది. వాళ్లని ముందుకు పిలిచి మిగతావాళ్లకి చూపించొద్దు. 'మోచెయ్యి కాస్త మెత్తగా పెట్టు' అంటే చాలు, కొంచెం మడుస్తారు.

ఎంతసేపు అంటారా? పది సెకన్లు, మహా అయితే పదిహేను. నెమ్మదిగా మూడు నాలుగు ఊపిరులు. ఎగిరెగిరి సాగదీయకూడదు. పిల్లలకి నేను చెప్పే మాట 'లాగినట్టుంటే సరే, గుచ్చినట్టుంటే ఆపు.' మీరు చూడాల్సింది మాత్రం వాళ్ల కాళ్లు కాదు, మొహాలు. పళ్లు బిగించినా, ఊపిరి బిగబట్టినా, భుజాలు చెవుల దాకా లేచినా అది ఎక్కువైందని గుర్తు. మీరు చేత్తో నొక్కి సరిచేయాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. మాటతో కుదరకపోతే ఆ రోజుకి వదిలేయండి.

మా చిన్నదాని అమ్మ
నేను టీచర్ని కాదు. మా పాపకి డౌన్ సిండ్రోమ్. మామూలు స్కూల్లోనే చదువుతోంది. ఒక ఏడాది స్కూల్లో పిల్లలందరితో పాటు పిల్లిమొగ్గలు వేయించారు. ఇంటికొచ్చి చెప్తే నా గుండె ఆగినంత పనైంది. ఈ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. మెడ మీద భారం పడేవీ, మెడని బలంగా వంచేవీ చేయించకూడదు. ఆ టీచర్‌కి తెలియదు, నేనూ ముందు చెప్పలేదు. ఎవరినీ తప్పుపట్టడం లేదు.

అందుకని తర్వాతి క్లాసుకి ముందే ఇళ్లకి ఒక చీటీ పంపండి. మెడ, కీళ్ల సమస్య ఉందా, ఆస్తమా ఉందా, మూర్ఛ ఉందా, పెద్ద శబ్దాలు పడవా. నాలుగు ప్రశ్నలు చాలు. క్లాసులో అందరి ముందూ అడగొద్దు, పిల్లలు చెయ్యెత్తరు. ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఆ గదిలోనే, చేతికందే చోట ఉండాలి.

ఇంకోటి. ఏడ్చిన ఆ పాప. చీకట్లో కళ్లు మూసుకోమంటే నా పాప కూడా ఏడుస్తుంది.

రెండోతరగతి టీచర్
చీటీ ఇవాళే రాస్తానండీ. ఆ మాట నాకు తట్టనే లేదు. మరి కళ్ల సంగతేంటి? తెరిచి ఉంచితే పక్కవాణ్ణి చూసి నవ్వుతారు.

విజిల్ సార్
నేను ఎంపిక ఇస్తాను. 'మూసుకోవచ్చు, లేకపోతే సీలింగ్ మీద ఒక చుక్క ఎంచుకుని చూడొచ్చు.' లైట్లు ఆపను. వెల్లకిలా వద్దనుకున్నవాళ్లు గోడవైపు తిరిగి పక్కకి పడుకోవచ్చు, కూర్చుని బెంచీ మీద తల వాల్చుకోవచ్చు.

లైబ్రరీ మూల
ఇక్కడ విజిల్ సార్‌తో నాకు కుదరదు. ఎంపిక ఇస్తే ఏడేళ్ల పిల్లలు ఐదు నిమిషాలు ఏది ఎంచుకోవాలా అని తన్నుకుంటారు. నేను కథల పీరియడ్‌లో అందరినీ బెంచీ మీద చేతులు మడిచి తల వాల్చమంటాను, అంతే. అప్పుడు ఎవరి మొహం ఎవరికీ కనిపించదు, కళ్లు తెరిచారా మూశారా అన్న గొడవే ఉండదు. చాపలు కూడా అక్కర్లేదు.

విజిల్ సార్
అదీ బాగానే ఉంది. నాకు మాత్రం పడుకోబెట్టడమే ఇష్టం, పొట్ట కదలడం వాళ్లకి తెలుస్తుంది. రెండూ చేసి చూడండి టీచర్ గారూ.

ఇక మీ మూడో ప్రశ్న, ఉడికిపోయినప్పుడు వాడే పద్ధతి. మేం దాన్ని 'దిగుడు మెట్లు' అంటాం. నాలుగు మెట్లు, ఎప్పుడూ అదే వరుస.

మొదట రెండు అరచేతులూ ఛాతీ ముందు కలిపి గట్టిగా నొక్కడం, ఐదు లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేయడం. రెండుసార్లు. బిగించి వదిలితే కండరం ముందుకంటే సడలుతుంది. ఇది నా తెలివి కాదు, అమెరికా డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ వందేళ్ల క్రితమే కండరాలని సడలించడం మీద పనిచేశాడు. రెండో మెట్టు, ఒక చెయ్యి చాపి రెండో చేతి చూపుడువేలితో దాని అంచు గీయడం. వేలు పైకి ఎక్కేటప్పుడు పీల్చడం, దిగేటప్పుడు వదలడం. ఐదు వేళ్లు, ఐదు ఊపిరులు. మూడో మెట్టు, గదిలో వినిపించే మూడు చప్పుళ్లు మనసులో పట్టుకోవడం. నాలుగోది, తన ఉడుకు ఎంత ఉందో చెయ్యి ఎత్తి చూపించడం. నేల దగ్గర ఉంటే చల్లబడినట్టు, తల మీద ఉంటే ఇంకా ఉన్నట్టు. మొత్తం రెండు నిమిషాలు.

దీన్ని గొడవ జరిగినప్పుడు నేర్పకూడదు. మామూలుగా ఉన్నప్పుడు రోజూ ఒకసారి, రెండు మూడు వారాలు, హాజరు వేశాకో భోజనం గంటకి ముందో. ఏడుస్తూ కొట్టుకుంటున్న పిల్లాడికి కొత్త పద్ధతి ఎక్కదు. చేతులకి అలవాటైనదే ఆ క్షణంలో గుర్తొస్తుంది. నిజంగా కోపం తలకెక్కినవాణ్ణి 'ఊపిరి తియ్యి నాన్నా' అంటే ఇంకా రెచ్చిపోతాడు. వాణ్ణి ముందు గోడని రెండు చేతులతో పదిసార్లు నెట్టమనండి. ఆ తర్వాతే మెట్లు.

నాలుగో బెంచీ
మా స్కూల్లో ఒకావిడ దీన్ని శిక్షగా వాడేది. 'మాట్లాడావు కదా, వెళ్లి మూలన కూర్చుని ఊపిరి తీసుకో.' ఆ పిల్లలకి ఇప్పుడు ఆ మూల చూస్తేనే మంట.

రెండోతరగతి టీచర్
(పన్నెండు రోజుల తర్వాత)
రెండో క్లాసు అయింది. అంతా వరసగా చెప్తాను.

చీటీకి 28 మందిలో 25 మంది జవాబిచ్చారు. ఇద్దరికి ఆస్తమా అని నాకిప్పుడే తెలిసింది, ఒక బాబుకి గంట శబ్దం పడదట. అందుకని గంట మానేసి నెమ్మదిగా మూడుసార్లు చప్పట్లు కొట్టాను. మిగతా ముగ్గురి ఇళ్లకి ఫోన్ చేశాను.

చాపలు పరచడానికి మూడు కాదు, ఆరు నిమిషాలు పట్టింది. దాంతో ఆసనాలు మూడే చేయించాను. తాడాసనం, పిల్లి, బాలాసనం. చెట్టు వదిలేశాను, ఇంకా ధైర్యం రాలేదు. పిల్లి చేస్తున్నప్పుడు ఫిజియో మేడమ్ చెప్పింది కళ్లారా చూశాను. ఒక పాప మోచేతులు విల్లులా వెనక్కి వంగి ఉన్నాయి. ఆ పాప మొన్నటిదాకా నా దృష్టిలో క్లాసులో బెస్ట్! 'మెత్తగా' అన్నాను, మడిచింది, వెంటనే చేతులు వణికాయి. అంటే అప్పటిదాకా కండరం పనే చేయలేదన్నమాట.

వేళ్లు గీయడం మాత్రం ఫెయిలైంది. ఐదు వేళ్లూ నాలుగు సెకన్లలో గీసేసి 'అయిపోయింది టీచర్' అని అరిచారు. మళ్లీ పందెమే. ఏం చేయాలో తోచక 'మీ చూపుడువేలు ఒక నత్త, అది చెయ్యి మీద పాకుతోంది, కింద జిగురు కూడా ఉంది' అన్నాను. గది మొత్తం నెమ్మదించింది. ఒకడు మాత్రం వాడి నత్త చచ్చిపోయిందన్నాడు.

పడుకోవడం ఒకటిన్నర నిమిషం. ఏడ్చిన పాప బెంచీ దగ్గర తల వాల్చుకుంది, ఏడవలేదు. నలుగురైదుగురు గుసగుసలాడారు, పట్టించుకోలేదు. లెక్కల పీరియడ్‌లో గోల తగ్గిందా అంటే, మొదటి పది నిమిషాలు తగ్గింది. తర్వాత మామూలే.

కీళ్లూ కండరాలూ
చేతులు వణకడం కాసేపైతే ఫర్వాలేదు. ఆ పాపకి ఐదుసార్ల బదులు మూడుసార్లు చేయించండి. తనకి తరచూ కాళ్ల నొప్పులు ఉన్నాయా, చీలమండలు మడతపడుతుంటాయా అని ఇంట్లో ఒకసారి అడగండి. ఉంటే ఒకసారి డాక్టర్‌కి చూపించమనండి. లేకపోతే ఏం కంగారు లేదు.

ప్రాణాయామి
నత్త బాగుంది. మా మనవరాలితో చేయించాను. నేను లెక్కపెట్టినప్పుడు రానిది నత్తతో వచ్చింది.

నిద్రలేనమ్మ
బొమ్మ పొట్ట మీద పెట్టాను. రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు బొమ్మతో యుద్ధం ఆడాడు.

నాలుగో బెంచీ
పది నిమిషాల కోసం ముప్ఫై నిమిషాలా? అడుగుతున్నానంతే.

రెండోతరగతి టీచర్
ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదండీ. టర్మ్ అయ్యేదాకా చేసి చూస్తాను.

ఇప్పటికి ఒక్క సమస్య. చివర్లో అంత ప్రశాంతంగా లేచిన పిల్లలు చాపలు చుట్టేటప్పుడు మళ్లీ కొట్టుకుంటున్నారు. ఎవరికైనా ఉపాయం తెలుసా?

లైబ్రరీ మూల
చాప చుట్టడాన్నే ఆఖరి ఆసనం చేసేయండి. మోకాళ్ల మీద కూర్చుని, నత్త వేగంతో, చప్పుడు కాకుండా చుట్టాలి. చప్పుడు వినిపిస్తే విప్పి మళ్లీ మొదలు. ఒకేసారి ఒక వరుసే లేవాలి. మా దగ్గర పుస్తకాలు సర్దడం ఇలాగే నడుస్తుంది. వర్షం పడే రోజు మాత్రం ఏం చేసినా నడవదు.